ఖజానా ఖాళీ అయినా ఉచిత వైద్యం ఎలా?

"అన్నా, తిరుపతిలో గ్రూప్స్‌కి చదువుతున్నా. రెండో ప్రపంచ యుద్ధంతో బ్రిటన్ అప్పుల పాలైంది కదా, మరి సంక్షేమానికి డబ్బెక్కడిది?"

తమ్ముడూ, అప్పులు నిజమే. కానీ పన్ను వసూలు చేసే యంత్రం యుద్ధంలోనే తయారైంది. 1939లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు సుమారు 40 లక్షల మంది. 1945కి కోటీ 20 లక్షలు దాటారు. 1944 నుంచి జీతంలోనే కోత పెట్టారు, మన టీడీఎస్ మాదిరే. యుద్ధం ఆగినా ఆ కోత ఆగలేదు.

ఇక జనం సంగతి. మొదటి యుద్ధం తర్వాత సైనికులకు మంచి ఇళ్లు కట్టిస్తామని చెప్పి, చివరికి నిరుద్యోగం చూపించారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. మళ్లీ కొడుకులను పంపమంటే ఊరికే పంపుతారా? అందుకే అందరికీ సంక్షేమం కల్పించాలని సూచించిన బెవరిడ్జ్ నివేదిక యుద్ధం మధ్యలోనే, 1942లో వచ్చింది, లక్షల ప్రతులు అమ్ముడైంది. 1945లో ఓటర్లు ఆ సంక్షేమానికి మాటిచ్చిన లేబర్ పార్టీని ఎన్నుకుని, యుద్ధం గెలిపించిన ప్రధాని చర్చిల్‌నే దించేశారు.

ఆసుపత్రులదీ అదే కథ. బాంబు దాడుల్లో గాయపడేవాళ్ల కోసం 1939 నుంచే పడకలకు ప్రభుత్వం డబ్బు కడుతోంది. 1948 జూలై 5న ఉచిత వైద్యం మొదలైంది.

పరీక్షలో యుద్ధం ఒక్కటే కారణమని మాత్రం రాయొద్దు. ఆరోగ్య బీమా చట్టం 1911లోనే ఉంది. పైగా యుద్ధం సంక్షేమానికి కోత కూడా పెట్టగలదు: కొరియా యుద్ధ ఖర్చుల ఒత్తిడితో 1951లో కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు రుసుము పెట్టారు.