కర్నూలులో 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు పేరు ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు మాకు 31 సెంట్ల స్థలం ఉంది. బిల్డర్‌తో కలిసి స్టిల్ట్ ప్లస్ ఐదు అంతస్తులు, మొత్తం 30 ఫ్లాట్లు కడుతున్నాం. ముందు వైపు రెండు పెద్ద కానుగ చెట్లున్నాయి, వాటిని ఉంచుదామనుకుంటున్నాం. బిల్డర్ 'రాయల్ ప్యాలడియం టవర్స్' అంటున్నారు. మా మేనమామ 'తుంగభద్ర రివర్ వ్యూ' అంటున్నారు. అమ్మేమో తాతగారి పేరే పెట్టాలంటోంది. కొనేవాళ్లకు గొప్పగా అనిపించాలి, డాంబికంగా ఉండకూడదు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

నేను చాలా ఏళ్లుగా కర్నూలులో బిల్డర్ల దగ్గర ఫ్లాట్ల అమ్మకాలు చూస్తున్నాను. సైట్ ఆఫీసులో కూర్చుని, వచ్చినవాళ్లకు ఫ్లాట్లు చూపించడమే నా పని. అక్కడ గమనించినదాన్ని బట్టి చెబుతాను.

కొనేవాళ్లు ముందు పేరు వింటారు, తర్వాత బిల్డింగు చూస్తారు. హోర్డింగ్ మీదో, తెలిసినవాళ్ల నోటో పేరు చెవిన పడగానే మనసులో ఒక బిల్డింగును ఊహించుకుంటారు. ఆదివారం కుటుంబంతో సైటుకు వచ్చి అసలుది చూస్తారు. ఊహించుకున్నదాని కంటే అసలు బిల్డింగు కాస్త మెరుగ్గా ఉంటే 'పేరు హుందాగా ఉంది' అంటారు. తక్కువగా ఉంటే అదే పేరు డాంబికం అవుతుంది. అందుకే పేరు బిల్డింగు కంటే ఒక మెట్టు కిందే ఉండాలి.

ఈ లెక్కన 'టవర్స్' మీకు నప్పదు. ఆ మాట వినగానే హైదరాబాదులో పిల్లల దగ్గర చూసిన పదిహేను, ఇరవై అంతస్తులు గుర్తొస్తాయి. స్టిల్ట్ ప్లస్ ఐదు చక్కటి బిల్డింగే. కాని టవర్ అని ఊహించుకుని వచ్చినవాళ్ల కంటికి అది ఆనదు. చివర తగిలించే మాటలన్నింటితోనూ ఈ చిక్కు ఉంది. 'రెసిడెన్సీ' అంటే మన ఊళ్లలో లాడ్జీలకూ అదే పేరు. 'ప్యాలెస్', 'గ్రాండ్' అంటే ఫంక్షన్ హాలు అనుకుంటారు. 'ప్లాజా' అంటే షాపులు గుర్తొస్తాయి. 'గార్డెన్స్' అన్నాక పచ్చిక కనిపించకపోతే మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

'ప్యాలడియం'తో ఇంకో ఇబ్బంది ఉంది. మన దగ్గర కొనేవాళ్లలో ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు, డాక్టర్లు, సొంతిల్లు అమ్మి లిఫ్టు ఉన్న చోటికి మారాలనుకునే పెద్దవాళ్లు ఎక్కువ. వాళ్లు తమ అడ్రసును ఫోన్లో బంధువులకు, గ్యాస్ కుర్రాడికి, ఆటో అతనికి చెప్పుకోవాలి. రేపు కూతురి పెళ్లి కార్డు మీద తెలుగులో అచ్చు వేయించుకోవాలి. 'ప్యాలడియం' అని తెలుగులో రాసి చూడండి, ఒక్కొక్కరు ఒక్కో రకంగా పలుకుతారు. తన ఇంటి పేరు తనకే సరిగా పలకడం రానప్పుడు మనిషి నలుగురిలో ఆ పేరెత్తడు. నోట్లో నలగని పేరుకు పరువు ఎలా వస్తుంది? బరువైన సంస్కృత పేర్లతోనూ ఇదే జరుగుతుంది. 'అమృతవర్షిణీ సౌధం' లాంటిది ఇంగ్లీషు పేరంత ఆర్భాటంగానే వినపడుతుంది.

ఇక 'రివర్ వ్యూ'. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. వేరే ఊళ్లో నది పేరు అందం తెస్తుందేమో గానీ, కర్నూలులో 2009 అక్టోబరు 2 తర్వాత ఆ మాటకు ఇంకో అర్థం కూడా వచ్చింది. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊళ్లోకి వచ్చాయి. పాతబస్తీలో ఇళ్లు మునిగాయి. బీరువాల్లోని పత్రాలు, పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు బురదపాలైన కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. ఈ ఊళ్లో ఫ్లాటు కొనడానికి వచ్చే పెద్దవాళ్లకు ఆ నీళ్లు ఇంకా కళ్లలో ఉన్నాయి.

రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం రాకముందు నేను అమ్మకాలు చూసిన ఒక ప్రాజెక్టుకు నది పేరు కలిపి ఇంగ్లీషు పేరు పెట్టారు. సైటు ఎత్తులో ఉంది, నదికి బాగా దూరం, 2009లో అక్కడికి చుక్క నీరు రాలేదు. అయినా వచ్చినవాళ్లందరూ బ్రోచర్ తెరవగానే "ఇక్కడ ఎంత ఎత్తు వరకు నీళ్లొచ్చాయండీ?" అని అడిగేవారు. రాలేదని చెప్పినా నమ్మకం కుదరక, పక్క వీధిలో వాకబు చేసి రావడానికి వెళ్లేవారు. కొందరు మళ్లీ తిరిగి రాలేదు. లేని భయాన్ని పేరే తెచ్చి పెట్టింది. చివరికి నది మాట తీసేసి కొత్త బోర్డు పెట్టారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు కప్‌బోర్డుల గురించి, పార్కింగ్ గురించి, బోరు నీళ్ల గురించి అడగడం మొదలుపెట్టారు. అప్పుడే నాకు పేరు ఎంత పని చేస్తుందో తెలిసింది. అప్పట్లో బోర్డు మార్చడం సులువు. ఇప్పుడు అంత సులువు కాదు, దాని గురించి కింద చెబుతాను.

మీ స్థలం నంద్యాల రోడ్డు వైపు అంటున్నారు కాబట్టి, బాల్కనీలోంచి నిజంగా నది కనిపించదు. బ్రోచర్‌లో నది బొమ్మ వేసి, పేరులోనూ 'వ్యూ' అంటే అది చట్టపరంగానూ ఇబ్బందే. ప్రకటనలో లేనిది ఉన్నట్టు చూపిస్తే, దాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు పరిహారం అడగవచ్చని, వద్దనుకుంటే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగవచ్చని 2016 రెరా చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. మీ మేనమామగారికి ఈ రెండు మాటలూ నెమ్మదిగా చెప్పండి.

వార్తల్ని బట్టి పెట్టే పేర్లూ వద్దు. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామంటూ మూడు రాజధానుల చట్టం వచ్చినప్పుడు 'క్యాపిటల్', 'జస్టిస్' కలిపి పేరు పెడదామని నాతో అన్నవాళ్లున్నారు. మరుసటి ఏడాదే ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. బిల్డింగు యాభై ఏళ్లు నిలబడాలి కదా.

తాతగారి పేరు విషయం ఇంకొంచెం సున్నితమైనది. అమ్మగారి కోరిక న్యాయమైనదే, ఆ స్థలం ఆయన కష్టార్జితం అయి ఉంటుంది. కాని కొనేవాళ్ల వైపు నుంచి చూడండి. ఇంటిపేరుతోనో, కులం తెలిసే చివరి మాటతోనో బోర్డు కనిపిస్తే, బయటి కుటుంబాలు 'మనం వాళ్ల ఇంట్లో అద్దెకున్నట్టు ఉంటుందేమో' అని వెనకాడతాయి. కర్నూలులో హిందూ, ముస్లిం, క్రైస్తవ కుటుంబాలన్నీ కొనడానికి వస్తాయి. 30 ఫ్లాట్లు అమ్ముడుపోవాలంటే గేటు దగ్గర అందరికీ చోటుండాలి. తాతగారి పేరును లోపల పెట్టండి. స్టిల్ట్‌లో అసోసియేషన్ మీటింగులకు, చిన్న పూజలకు ఒక గది వదులుతారు కదా, దానికి ఆయన పేరు పెట్టి, రాతి మీద రెండు వాక్యాలు చెక్కించండి. ఈ స్థలం ఆయన ఎప్పుడు కొన్నారో, అందులో ఏం పండించారో రాయించండి. చదివినవాళ్లకు ఆ చోటి మీద గౌరవం పెరుగుతుంది.

మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది కానుగ చెట్లు. నేనైతే ఒక్కటే మాట పెడతాను: 'కానుగ'. మూడక్షరాలు, రాయలసీమలో తెలియనివాళ్లు ఉండరు. తెలుగులో ఎలా పలుకుతామో ఇంగ్లీషులోనూ దాదాపు అలాగే రాయవచ్చు. ఏ మతానికీ కులానికీ చెందదు. అన్నింటికంటే ముఖ్యం, సైటుకు వచ్చినవాళ్లకు గేటు దగ్గరే ఆ చెట్ల నీడ కనిపిస్తుంది. మండు వేసవిలో ఆ నీడన కారు ఆపి దిగినవాళ్లకు పేరు వివరించాల్సిన పని లేదు. మాట మరీ చిన్నదిగా ఉందని బిల్డర్‌గారు అనవచ్చు. వెనక ఏమైనా తగిలించక తప్పదంటే 'కానుగ హోమ్స్' దాకా వెళ్లండి, అంతకు మించి వద్దు.

అయితే ఆ చెట్లు నిజంగా మిగులుతాయో లేదో పేరు పెట్టకముందే తేల్చుకోవాలి. మాస్టర్ ప్లాన్‌లో మీ ముందున్న రోడ్డు వెడల్పు ఎంత ఉందో చూడండి. రోడ్డు విస్తరణకు పోయే భాగాన్ని ప్లాన్ అప్రూవల్ సమయంలోనే వదలాల్సి వస్తుంది. చెట్లు ఆ భాగంలో పడితే ఎప్పటికైనా పోతాయి. మీ ఇంజినీరును టేపు పట్టుకుని కొలవమనండి. చెట్ల మొదళ్లను సైట్ ప్లాన్‌లో గుర్తు పెట్టించండి. రెండోది ట్రాన్స్‌ఫార్మర్. 30 ఫ్లాట్లకు విడిగా ట్రాన్స్‌ఫార్మర్ అవసరం పడుతుంది, సాధారణంగా దాన్ని ముందు మూలలోనే పెడతారు. తీగలకు అడ్డమని కొమ్మలు నరికేస్తే చెట్టు మోడు అవుతుంది. దాని చోటు ఇప్పుడే వేరే మూలకు మార్పించండి. సెప్టిక్ ట్యాంకు, సంపు కూడా వేళ్లకు దూరంగా తవ్వాలి. చెట్లు నిలవవని తేలితే ఆ పేరు వదిలేయండి. చెట్టు లేని 'కానుగ' కూడా లేని నదిని చూపించే 'రివర్ వ్యూ' లాంటిదే.

పేరు పరీక్షించేటప్పుడు "బాగుందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. మీ కుటుంబంతో సంబంధం లేని కొందరికి ఫోన్ చేసి పేరు మాత్రం చెప్పండి. "ఇది ఎన్ని అంతస్తులు ఉంటుందనుకుంటున్నారు? డబుల్ బెడ్‌రూమ్ ఎంత చెబుతారనుకుంటున్నారు?" అని అడగండి. వాళ్లు పది అంతస్తులన్నా, మీ ధరకు చాలా ఎక్కువ చెప్పినా పేరు అతి చేస్తోందని అర్థం. మీ ధర కంటే బాగా తక్కువ చెబితే పేరు చప్పగా ఉంది. రెండు రోజులాగి మళ్లీ ఫోన్ చేసి, పేరేంటో గుర్తు చేసుకోమనండి. వీళ్లలో ఒక ఆటో డ్రైవరు, రిటైరైన పెద్దావిడ ఒకరు, హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రాడు ఒకరు ఉండేలా చూడండి.

ఇక కాగితాలు. ఎనిమిది ఫ్లాట్లు దాటాయి కాబట్టి మీకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది రాకముందు పేరుతో హోర్డింగ్ పెట్టడం, పాంప్లెట్లు పంచడం, అడ్వాన్సులు తీసుకోవడం కుదరదు. వచ్చాక ప్రతి ప్రకటనలోనూ ఆ నంబరు వేయాలి. అప్లికేషన్‌లో రాసిన పేరే బ్యాంకు లోన్ ఫైళ్లలోకి, సేల్ అగ్రిమెంట్లలోకి, తర్వాత అసోసియేషన్ రిజిస్ట్రేషన్‌లోకి వెళుతుంది. మధ్యలో మార్చాలంటే అన్ని చోట్లా టెన్షనే. అందుకే న్యూమరాలజీ చూపించుకునే అలవాటు ఇంట్లో ఉంటే అప్లికేషన్‌కు ముందే చూపించండి. KANUGA అని ఒక చోట, KAANUGA అని ఇంకో చోట ఉంటే, లోన్ తీసుకునే ప్రతి కుటుంబం బ్యాంకులో రెండూ ఒకటేనని రాసిచ్చుకోవాల్సి వస్తుంది. ఒక స్పెల్లింగ్ ఖాయం చేసి, బిల్డర్‌కు, ఆడిటర్‌కు, డాక్యుమెంట్ రైటర్‌కు రాతపూర్వకంగా పంపండి. ఏపీ రెరా వెబ్‌సైట్‌లో, గూగుల్ మ్యాప్స్‌లో కర్నూలు పరిధిలో అదే పేరుతో ఇంకేదైనా ఉందేమో కూడా చూసుకోండి.

బోర్డుకు మెరిసే స్టీలు అక్షరాలు, రంగుల లైట్లు వద్దని నా సలహా. బేతంచెర్ల రాయి మనకు దగ్గర్లోనే దొరుకుతుంది. దాని మీద పైన తెలుగులో, కింద చిన్నగా ఇంగ్లీషులో చెక్కించి, చెట్ల పక్కన మనిషి ఎత్తులో పెట్టించండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌పై ఇంకా సంతకాలు కాకపోతే, పేరు మీ ఇద్దరి సమ్మతితోనే ఖాయం కావాలని, చెట్లు కొట్టకూడదని అందులో రెండు క్లాజులు రాయించుకోండి.