నచ్చిన మనిషి నుంచి మెసేజ్ వస్తే ఎలా చదవాలి?

"నాకు నచ్చినబ్బాయి పెట్టిన మెసేజ్ ఒకసారి చదివితే ఇష్టంలా ఉంది, ఇంకోసారి చదివితే మామూలుగా ఉంది. ఫ్రెండ్‌తో కూర్చుని చూసినా తేలడం లేదు. ఏమని రిప్లై ఇవ్వాలి?"

మా ఆఫీసు బ్యాచ్ ట్రైనింగ్‌కి చెన్నై వెళ్లినప్పుడు నా రూమ్మేట్‌కి సరిగ్గా ఇలాంటిదే వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న కొలీగ్ రాత్రి భోజనాల వేళ వాట్సాప్‌లో పెట్టాడు: "నువ్వు లేకపోతే క్యాంటీన్ బోర్ కొడుతోంది. మీ బ్యాచ్ అంతా ఎప్పుడొస్తారు?"

"మొదట నువ్వు అన్నాడు, వెంటనే బ్యాచ్ అంతా అంటున్నాడు. ఏంటే ఇది?" అంది తను.

"ముందు పైకి జరుపు, పాత చాట్ చూద్దాం" అన్నాను. ఒక్క మెసేజ్‌ని ఎంతసేపు తిరగేసినా మన ఆశే కనిపిస్తుంది. పాత చాట్‌లో అంతకుముందు ఎక్కువగా తనే పలకరించేది. అతను మర్యాదగా జవాబిచ్చేవాడు, తిరిగి ఏమీ అడిగేవాడు కాదు. మేం చెన్నై వచ్చాకే అతను ముందుగా పలకరించడం మొదలైంది.

ఇంకొకటి చూశాం. బ్యాచ్ ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలంటే ఆఫీసు గ్రూపులో అడగొచ్చు. అక్కడ అడగలేదు, నన్నూ అడగలేదు. ఆ రెండో వాక్యం, తను దూరం పెడితే వెనక్కి తగ్గడానికి అతను ఉంచుకున్న దారి అని నాకనిపించింది. అయినా అది నా ఊహే. రిప్లైతోనే తేల్చుకోవాలి.

"మిస్ అవుతున్నావా అని అడిగేయనా?"

"వద్దే. సిగ్గుపడి 'ఊరికే అన్నా' అంటాడు. ఇక ఆ మాట మళ్లీ ఎత్తడు."

"పోనీ, సోమవారం వస్తాం అని పెడతా."

"దాంతో మాట అక్కడే ఆగిపోతుంది. అతను అడిగినదానికి జవాబిచ్చి, నువ్వొక చిన్న విషయం అడుగు. రోజు చెప్పు. వద్దనాలంటే సులువుగా వద్దనేలా ఉండాలి."

చివరికి ఇలా పంపింది: "సోమవారం అందరం వచ్చేస్తాం. క్యాంటీన్ బోర్ అన్నావుగా, ఆ సాయంత్రం బయట టీ తాగుదామా?"

జవాబు వచ్చేలోపు ఏది వస్తే ఏమనుకోవాలో మాట్లాడుకున్నాం. "అందరం వెళ్దాం" అంటే స్నేహం వరకే అనుకోవాలి. "చూద్దాం" అని ఊరుకుంటే మనం మళ్లీ అడగకూడదు. కుదరదంటూనే అతనే ఇంకో రోజు చెబితే కలవాలని ఉన్నట్టే. అసలు జవాబే రాకపోతే రెండో మెసేజ్ పెట్టకూడదు. తను టెన్షన్‌తో ఇంకోటి టైప్ చేయబోతే ఫోన్ తీసుకుని నా దిండు కింద పెట్టాను.

పొద్దున్నే వచ్చింది: "సోమవారం ఊళ్లో ఉండను. మంగళవారం ఆఫీసయ్యాక?"

బ్యాచ్ మాట లేదు, రోజు అతనే చెప్పాడు. ప్రేమో కాదో దీన్నిబట్టి చెప్పలేం గానీ, తనను విడిగా కలవాలనుకుంటున్నాడని మాత్రం తెలిసింది. మీరూ ముందు పాత చాట్ తెరిచి, ఎవరు ముందు పలకరిస్తున్నారో చూడండి. అతని మెసేజ్‌లో జవాబివ్వదగ్గ ప్రశ్న ఏదైనా ఉంటే, రిప్లై అక్కడి నుంచే మొదలుపెట్టండి.