ఒక పక్క జుట్టు లేస్తుంటే ముందు సుడి చూడండి

ప్రశ్న: నాకు ఎడమ పక్క జుట్టు చక్కగా అణిగి ఉంటుంది, కుడి పక్క మాత్రం కటింగ్ చేయించిన పది రోజులకే బయటికి పొడుచుకొస్తుంది. ఒక పక్క తొందరగా పెరుగుతుందా? ఎలా కట్ చేయించుకోవాలి?

జవాబు: పెరిగే వేగం రెండు పక్కలా ఒకటే, నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు. తేడా అంతా వెంట్రుక ఏ వైపుకి వాలి బయటికి వస్తుందన్న దాంట్లో ఉంది. నేను కటింగ్ షాపులో పనిచేస్తాను. ఇదే మాటతో వచ్చేవాళ్ళు చాలామంది. వాళ్ళని కూర్చోబెట్టి మొదట నేను చూసేది నడినెత్తి వెనక ఉండే సుడి.

చర్మంలో వెంట్రుక నిటారుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు తల్లి కడుపులో ఉండగానే ఖాయమైపోతుంది. ఎక్కువమందికి సుడి గడియారం ముల్లు తిరిగే వైపుకి తిరుగుతుంది. అలాంటి తలని పైనుంచి చూస్తే ఎడమ పక్క జుట్టు ముందుకి వాలుతూ చెవి మీదికి దిగుతుంది, ముందు జుట్టు కుడికి పోతుంది. అందుకే వాళ్ళకి ఎడమ పాపిడి సులువుగా కుదురుతుంది. కుడి పక్క జుట్టు మాత్రం వెనక్కి, బయటికి మళ్ళుతుంది. మనం దువ్వేదేమో ముందుకో కిందికో కదా, అది ఎదురు తిరుగుతుంది. సుడి దీనికి ఎదురు వైపు తిరిగితే ఇదంతా తారుమారు. రెండు సుడులుంటే వాటి మధ్య జుట్టు ఎటూ వాలక లేచి నిలబడుతుంది. రెండు సుడులకి రెండు పెళ్ళిళ్ళు అనే మాట సంగతి నాకు తెలియదు గానీ, కటింగ్‌కి మాత్రం కాస్త ఓపిక కావాలి.

మీ సుడి ఎటు తిరిగిందో తెలుసుకోవాలంటే తల తడిపి, తువ్వాలుతో తుడిచి, దువ్వకుండా ఆరనివ్వండి. తర్వాత ఎవరితోనైనా పైనుంచి ఒక ఫోటో తీయించండి. నూనె రాసిన తల మీద ఇది కనబడదు.

ఈ మధ్య ఒక డిగ్రీ కుర్రాడికి చేసింది చెప్తాను. రెండు పక్కలా మూడో నంబర్ మిషన్ పెట్టించుకునేవాడు, అంటే సుమారు 10 మిల్లీమీటర్లు. పది రోజుల్లో అది 13 అవుతుంది. ఎడమ పక్క వాలిపోతుంది కాబట్టి ఆ పెరుగుదల తెలియదు. కుడి పక్క మాత్రం కణత పైన తల ఉబ్బుగా ఉండే చోట సూదుల్లా బయటికి కనబడుతుంది. అందుకని ఎడమ పక్క మూడో నంబరే ఉంచి, కుడి పక్క రెండో నంబర్ పెట్టాను, అది 6 మిల్లీమీటర్లు. కొలతలో రెండు పక్కలూ వేరైనా అద్దంలో ఒకేలా కనబడ్డాయి. పది పన్నెండు రోజులకి కుడి పక్క 10కి వస్తుంది, అంటే ఇంతకు ముందు వాడు మొదలుపెట్టిన చోటికి.

మిషన్ నడిపే దిక్కు కూడా ముఖ్యమే. కింది నుంచి పైకి నేరుగా పోతే కుడి పక్క వెనక్కి వాలిన వెంట్రుకలు బ్లేడుకి అడ్డంగా పడుకుని కొన్ని తప్పించుకుంటాయి. అక్కడ వెనక నుంచి ముందుకి, జుట్టు వాలుకి ఎదురుగా నడపాలి. సుడి చుట్టూ అయితే నాలుగు వైపుల నుంచీ పోవాలి.

ఉబ్బుకి పైన ఉన్న జుట్టుని మాత్రం అరకొరగా పొట్టి చేయించకండి. అయితే బాగా పొట్టిగా ఉండాలి, లేదా తన బరువుకి తనే కిందికి పడేంత పొడవుండాలి. రెండు మూడు సెంటీమీటర్ల మధ్యస్థ పొడవే అసలు తంటా. సుడి దగ్గర కనీసం ఆరేడు సెంటీమీటర్లు వదిలించండి. అక్కడ థిన్నింగ్ కత్తెర పడనివ్వకండి. ఒత్తు తగ్గిద్దామని అది వేస్తారు గానీ, లోపల మిగిలిన పొట్టి వెంట్రుకలు పైవాటిని ఎత్తి నిలబెడతాయి. వారం తిరక్కుండానే పిలక లేస్తుంది.

చివరి సవరింపు జుట్టు ఆరాకే చేయమనండి. తడి జుట్టు సాగి అణిగి ఉంటుంది, తేడా దాచేస్తుంది. ఆదివారం రద్దీలో ఈ పని కుదరదు, మామూలు రోజు మధ్యాహ్నం వెళ్ళండి.

ఇంట్లో అయితే పొద్దున లేచిన జుట్టుని పైపైన తడిపితే లాభం లేదు. కుదుళ్ళు తడవాలి. తడిపాక ఆ చోటుని వేళ్ళతో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి లాగుతూ ఆరబెట్టండి. దీనివల్ల వాలు మారదు, ఆ రోజుకి అణుగుతుంది. తడి తలతో పడుకుంటే మాత్రం దిండు ఎలా నొక్కితే అలాగే బిగుసుకుపోతుంది.

ఒక్క జాగ్రత్త. లేవడం కాకుండా ఒక పక్క జుట్టు పలచబడుతున్నా, పేనుకొరుకుడులా గుండ్రంగా నున్నటి మచ్చ కనబడినా అది కత్తెరతో పోయేది కాదు, చర్మ డాక్టరుకి చూపించండి.