బాకీ ఎగవేతా, మోసమా: స్టేషన్‌కు వెళ్లే ముందు చూసుకోవలసినది

ప్రశ్న: "అరువు మీద సరుకు తీసుకున్న వ్యాపారి పది లక్షలు ఇవ్వకుండా తిప్పుతున్నాడు. చీటింగ్ కేసు పెడితే డబ్బు త్వరగా వస్తుందా?"

నేను గుంటూరులో మిర్చి వ్యాపారిని. 2019లో ఒక కొనుగోలుదారుకు మూడు లోడ్లు పంపాను. మొదటి రెండింటికి 14 లక్షలు సక్రమంగా చెల్లించిన మనిషి, మూడో లోడు తాలూకు 12 లక్షల దగ్గర ఆగిపోయాడు. ఇచ్చిన చెక్కు కూడా ఖాతాలో డబ్బు లేక తిరిగి వచ్చింది. కోపంలో 420 సెక్షన్ కింద కేసు పెట్టించాను. ఫిర్యాదులో "మొదటి నుంచీ మోసగించాలనే దురుద్దేశంతో" అన్న వాక్యం ఉంది. అది నేను చెప్పినది కాదు, రాసిపెట్టినాయన అలవాటుగా చేర్చినది.

హైకోర్టు ఎఫ్ఐఆర్‌ను కొట్టివేసింది. ఆ వాక్యాన్ని నిలబెట్టే సంగతి ఒక్కటీ ఫిర్యాదులో లేదు. పైగా నా లెడ్జరులోనే రెండు లోడ్ల జమలు కనబడుతున్నాయి. "రేటు పడిపోయింది అన్నా, కొంచెం టైం ఇవ్వు" అని అతను పంపిన మెసేజీని నేనే సాక్ష్యంగా జతచేశాను. ఇబ్బంది సరుకు తీసుకున్న తరువాత వచ్చిందని దానితో నేనే రుజువు చేసినట్లయింది. మాట ఇచ్చిన నాడే ఎగవేసే ఉద్దేశం ఉంటేనే అది మోసమని, తరువాత మాట తప్పినంత మాత్రాన కాదని సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో చెప్పింది. ఇప్పుడు 420 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318(4) వచ్చినా ఈ కొలత మారలేదు.

అతను రద్దయిన జీఎస్టీ నంబరు చూపి ఆర్డరు ఇచ్చి ఉంటే, లేదా లేని గోదాము చిరునామాకు లోడు దింపించుకుని ఉంటే, సంగతి వేరుగా ఉండేది. సివిల్ దావాకు అవకాశం ఉన్నదన్న ఒక్క కారణంతో అలాంటి క్రిమినల్ కేసు పోదు.

సివిల్ దావా ఏళ్ల తరబడి సాగుతుందన్న భయం, అరెస్టు భయం పెడితే రాజీకి వస్తాడన్న ఆశ, ఈ రెండే మనల్ని స్టేషన్‌కు నడిపిస్తాయి. 2006లో ఇండియన్ ఆయిల్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ ధోరణినే తప్పుబట్టింది.

నాకు అసలు నష్టం మరోచోట జరిగింది. చెక్కు తిరిగి వచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆపైన నెలలోగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కోర్టులో ఫిర్యాదు వేయాలి. నేను స్టేషన్ చుట్టూ తిరుగుతుండగానే నోటీసు గడువూ, చెక్కుకు ఉన్న మూడు నెలల చెల్లుబాటూ దాటిపోయాయి. చివరికి మూడేళ్ల కాలపరిమితి ముగియకముందే డబ్బు వసూలుకు దావా వేయగలిగాను. మీ చేతిలో తిరిగివచ్చిన చెక్కు ఉంటే, ముందు బ్యాంకు మెమో మీది తేదీ చూడండి.