పాత ఫోటో, సంవత్సరీకం ఫ్లెక్స్, గానుగ లోగో: ఏది కొత్తగా చేయించాలి, ఏది దిద్దించాలి?

"మాది అనంతపురం. వేరుశనగ నూనె గానుగ పెడుతున్నాం, దానికి లోగో కావాలి. వచ్చే నెల మా తాత సంవత్సరీకం, ఆరడుగుల ఫ్లెక్స్ వేయించాలి. తాతది ఉన్నది ఒకటే ఫోటో, మడత పడింది, ఒక మూల చిరిగిపోయింది. ఏఐ టూల్‌లో కొత్తగా బొమ్మ చేయించాలా, ఉన్నదాన్నే ఎడిట్ చేయాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి."

ముందు ఫోటో గురించే రాస్తాను. లోగో బాగా రాకపోతే ఇంకోటి చేయించుకోవచ్చు. ముఖం మారిపోయిన ఫోటో ఒకసారి పటం కట్టి గోడకు ఎక్కిస్తే, పదేళ్లకు ఇంట్లో పిల్లలకు అదే తాత ముఖం అయిపోతుంది.

నేను కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో పని చేస్తాను. రెండేళ్ల కిందట మా జేజినాయన ఫోటో విషయంలో నేనే ఈ తప్పు చేశాను. మీరు చెప్పినటువంటి ఫోటోనే. అరచేతిలో పట్టే బ్లాక్ అండ్ వైట్ ప్రింటు, నుదుటి నుంచి ఎడమ చెంప దాకా మడత, కుడి భుజం దగ్గర మూల లేదు. స్కాన్ చేసి, మొత్తం ఫోటోను ఏఐ టూల్‌లో, ఫోటో ఇస్తే దాన్నుంచి ఇంకో బొమ్మ చేసే img2img లో వేసి, Denoising strength 0.5 దగ్గర పెట్టి నడిపించాను. వచ్చిన బొమ్మ చూడ్డానికి చాలా బాగుంది. మడత మాయమైంది, మూల నిండింది, తలపాగా చుట్లు కూడా తేటగా కనిపించాయి. ప్రింటు తీసి జేజికి ఇచ్చాను. ఆమె కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసి, "ఎవురు నాయనా ఈయప్ప?" అనింది.

అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కళ్లు కాస్త పెద్దవయ్యాయి. కొద్దిగా పక్కకు తిరిగిన ముక్కు నిటారుగా అయింది. పై పెదవి మీది చిన్న గాటు లేదు. ఏ ఒక్కటీ పెద్ద మార్పు కాదు, కానీ అన్నీ కలిసి మనిషినే మార్చేశాయి.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే మీ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది. ఈ టూల్స్ మనం ఇచ్చిన ఫోటో మీద మనలాగా కుంచె పట్టి దిద్దవు. ముందు దాని మీద ఇసుక చల్లినట్టు చుక్కలు కలుపుతాయి, తర్వాత ఆ చుక్కల్ని తీసేస్తూ బొమ్మను మళ్లీ కడతాయి. ఎంత చల్లాలో చెప్పేదే ఆ strength అంకె. 0 దగ్గర దాదాపు ఏమీ మారదు, 1 దగ్గర దాదాపు అంతా కొత్తదే. మధ్యలో పెడితే ముందుగా పోయేవి సన్నని గీతలు, చిన్న గుర్తులు. తల ఎక్కడుంది, చొక్కా ఏ రంగు లాంటి పెద్ద ఆకారాలు మాత్రం నిలబడతాయి. ఒక మనిషిని ఆ మనిషిగా పోల్చుకునేది మాత్రం ఆ సన్నని గీతల వల్లే. అవి పోయిన చోట, టూల్ తాను నేర్చుకున్న లక్షల ముఖాల్లోంచి నమ్మబుద్ధయ్యే ముఖాన్ని నింపుతుంది. అందుకే వచ్చేది అందంగా ఉంటుంది, మనవాళ్లలా మాత్రం ఉండదు.

కాబట్టి ఫోటో ముందు పెట్టుకుని, ఇందులో ఏ భాగం ఉన్నది ఉన్నట్టు ఉండాలి, ఏ భాగం ఎలా ఉన్నా ఫర్వాలేదు అని మొదట విడదీయండి. నేను రెండోసారి అలాగే చేశాను.

600 dpi లో స్కాన్ చేసి టిఫ్‌గా దాచాను. మూడు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న ప్రింటుకు 1800 × 2400 పిక్సెల్స్ వస్తాయి. ముఖం మీది మడతకు ఏఐ వాడనే లేదు. GIMP అనే ఫోటో ఎడిటర్‌లో Heal టూల్ తీసుకుని, మడత వెడల్పు కంటే కొంచెం పెద్ద బ్రష్ పెట్టి, పక్కనే ఉన్న మంచి చర్మం మీద Ctrl పట్టి క్లిక్ చేసి, చిన్న చిన్న ముక్కలుగా పూడ్చుకుంటూ వచ్చాను. మడత కనుబొమ్మను దాటే చోట Heal మసకబారుస్తుంది. అక్కడ Clone వాడి, వెంట్రుకలు పోయే దిక్కులోనే లాగాను. గంటన్నర పట్టింది. మడత మరీ సన్నగా ఉండటం నా అదృష్టం. మీ ఫోటోలో మడత సరిగ్గా కంటి మీద పడి నల్లగుడ్డు కనిపించకపోతే, ఏ టూల్‌తో నింపినా అది ఊహే. పెళ్లి గ్రూప్ ఫోటోలోనో, రేషన్ కార్డు మీదో, పాత పట్టాదారు పాసుపుస్తకంలోనో ఆయన ముఖం ఇంకోటి దొరుకుతుందేమో వెతికి, ఆ కన్ను చూసి దిద్దండి.

చిరిగిన మూల సంగతి వేరు. అక్కడ అసలు ఏమీ లేదు, ఉండాల్సింది తెల్ల చొక్కా భుజం, వెనక బూడిద రంగు తెర. అది కొత్తగా పుట్టినా ఎవరికీ నష్టం లేదు. అందుకని, పూసిన చోట మాత్రమే కొత్తగా నింపే Inpaint లో ఆ మూల మీద మాత్రమే మాస్క్ పూసి, మంచి భాగంలోకి కొంచెం లోపలికి పోనిచ్చి, strength 0.85 పెట్టాను. ముఖానికి అంత పెడితే ప్రమాదం, ఖాళీ మూలకు తక్కువ పెడితే చిరుగు గీతే మళ్లీ వస్తుంది. నాలుగు తీయిస్తే మూడింట్లో కాలరు అతకలేదు, ఒకటి కుదిరింది. దాన్ని అసలు స్కాన్ మీద ఇంకో లేయర్‌గా వేసి, లేయర్ మాస్క్‌తో ఆ మూల తప్ప మిగతాదంతా దాచేశాను. కొత్త మూల మరీ నున్నగా, అతికించినట్టు కనిపించింది. పాత ప్రింటుకు ఉండే గరుకు రావడానికి Filters లోని Noise కొద్దిగా కలిపితే సర్దుకుంది.

ఇక్కడే ఒక మోసం ఉంది, జాగ్రత్తగా చదవండి. ఫోన్‌లో ఇప్పుడు వస్తున్న చాలా టూల్స్‌లో మాస్క్ ఉండదు. "వెనక తెర మాత్రం మార్చు" అని రాస్తే మార్చి ఇస్తాయి. ఎడిట్ అని పేరే గానీ, వాటిలో చాలామటుకు ఫోటో మొత్తాన్ని మళ్లీ కట్టి ఇస్తాయి. తెరతో పాటు ముఖమూ కొత్తదే. ఒకసారికి తేడా తెలియదు. అదే ఫోటోను నాలుగుసార్లు దిద్దించేసరికి మనిషి జారిపోతాడు.

దీన్ని కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. GIMP లో అసలు ఫోటో తెరిచి, దిద్దినదాన్ని పైన లేయర్‌గా వేయండి. రెండూ ఒకే సైజు కాకపోతే Scale Layer తో సరిచేయండి. పై లేయర్ Mode ను Difference కు మార్చండి. మారని చోటల్లా నల్లగా అయిపోతుంది. ముఖం ఉన్న చోట కళ్లు, ముక్కుపుటాలు, పెదవులు దయ్యపు గీతల్లా తెల్లగా తేలితే ముఖాన్ని మళ్లీ గీసినట్టే. ఫోటో అంతటా సమానంగా సన్నని పొడి కనిపిస్తే అది జేపెగ్ వల్ల, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అన్ని అంచులూ ఒకే పక్కకు గీతలుగా కనిపిస్తే లేయర్ ఒకట్రెండు పిక్సెల్స్ జరిగి ఉంటుంది, సర్ది మళ్లీ చూడండి. ముఖం మారిందని తేలినా ఆ ఫలితాన్ని పారేయక్కర్లేదు. లేయర్ మాస్క్ వేసి తెరను మాత్రం ఉంచుకుని, ముఖం అసలు స్కాన్‌లోదే కనపడనివ్వండి. కస్టమర్లు తెచ్చే ఫోటోలకు మేము ఇప్పుడు ప్రింటుకు ముందు ఈ పరీక్ష తప్పకుండా చేస్తున్నాం.

ఫ్లెక్స్‌కు మాత్రం వెనక బొమ్మ మొదటి నుంచి కొత్తగా చేయించండి. దీపం, పూలు, చేను, సాయంత్రపు ఆకాశం, మీ ఇష్టం. కానీ సైజు చూసుకోండి. ఆరడుగులు అంటే 72 అంగుళాలు. 1024 పిక్సెల్స్ వెడల్పు ఉన్న బొమ్మను అంత సాగదీస్తే అంగుళానికి 14 పిక్సెల్సే వస్తాయి. 72 dpi లో 6 × 4 అడుగుల ఫ్లెక్స్‌కు 5184 × 3456 కావాలి. ఆకాశం, మసక పొలం లాంటివి అప్‌స్కేల్ చేసినా చెడిపోవు. ముఖాన్ని మాత్రం అలా పెంచకండి, ఎందుకంటే అప్‌స్కేలర్ కూడా లేని చర్మాన్ని ఊహించి నింపుతుంది. 2400 పిక్సెల్స్ ఎత్తున్న స్కాన్‌ను ఫ్లెక్స్ మీద రెండడుగుల ఎత్తులో పెడితే అంగుళానికి 100 పిక్సెల్స్ వస్తాయి. నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి అది ఎక్కువే.

తెలుగు అక్షరాలు బొమ్మలో పుట్టించొద్దు. "సంవత్సరీకం"లోని త కింది స వత్తు, "శ్రద్ధాంజలి"లోని ద్ధ ఇలాంటి చోట్ల అక్షరంలా కనిపించే గీతలు వస్తాయి, చదవబోతే చదవలేం. అక్షరాలు లేకుండా బొమ్మ తీయించి, గీతల బొమ్మలు గీసే Inkscape లో రామభద్ర గానీ మండలి గానీ ఫాంట్ పెట్టి మీరే టైపు చేయండి. ప్రింటింగ్‌కు పంపేముందు ఆ అక్షరాలను Path మెనూలోని Object to Path తో గీతలుగా మార్చండి. మన ఊళ్లలో చాలా ఫ్లెక్స్ షాపుల్లో అను ఫాంట్లే ఉంటాయి, మీ యూనికోడ్ ఫాంట్ అక్కడ లేకపోతే వత్తులు విడిపోయి పడతాయి.

లోగో గురించి కొంచెమే. గానుగకు ఇంతకుముందు వాడిన గుర్తు ఏదైనా ఉంటే, మీ నాన్నగారి పాత బిల్లు పుస్తకం మీది ముద్రైనా సరే, దాన్ని స్కాన్ చేసి పైన మళ్లీ గీసుకోండి. అచ్చం అలాంటిదే ఇంకోటి టూల్‌తో చేయించాలని చూడొద్దు, ప్రతిసారీ కొంచెం తేడాగానే వస్తుంది. ఏమీ లేకపోతే ఆలోచనల కోసం ఇరవై ముప్పై బొమ్మలు తీయించండి. నచ్చినదాన్ని కింద పరుచుకుని Inkscape లో పెన్ టూల్‌తో మీరే తక్కువ గీతలతో గీయండి. బొమ్మను దానంతటదే గీతలుగా మార్చే Trace Bitmap కూడా ఉంది, కానీ టూల్ ఇచ్చిన నీడల వల్ల వందల ముక్కలు వస్తాయి, రబ్బరు స్టాంపు చేసేవాళ్లు తిరిగి పంపిస్తారు. గీసినదాన్ని ఒకే నలుపులో, అంగుళం వెడల్పున ప్రింటు తీసి చూడండి. నూనె డబ్బా మూత మీద పడేది ఆ సైజే. వేరుశనగ కాయ, కాయలా కనిపిస్తే ఉంచండి. ఖాయం చేసుకునే ముందు ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్‌లో 29వ క్లాసు చూడండి, వంటనూనెలు అందులోనే వస్తాయి.

ఇంక ఒకటి. ఫోటోను ఫోన్‌తో తీసి పంపకండి. మడత మీద లైటు మెరిసి, అసలు మంచిగా ఉన్న చర్మం కూడా తెల్లగా పోతుంది. స్కానర్ మూత కింద పెట్టించి, 600 dpi, టిఫ్ అని చెప్పండి. స్కాన్ చేసేవాళ్లు ఆటోమేటిక్‌గా మెరుగులు దిద్దే ఆప్షన్ పెట్టి ఉంటే తీసేయమనండి.