యంత్రం ఇచ్చిన పోర్చుగీసును ఇంగ్లీషుతో కాదు, తెలుగుతో సరిచూడండి

ప్రశ్న: మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో వచ్చిన పోర్చుగీసు ఉత్తరాలను సరిచేసే పని ఒప్పుకున్నాను. పదాలు బాగానే ఉన్నాయి కానీ క్రియల కాలాలు కృతకంగా ఉన్నాయని అవతలివాళ్ళు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా, ఆ ఉత్తరాన్ని యజమాని ఏ భాషలో చెప్పారో కనుక్కోండి. నేను గుంటూరులో మిర్చి ఎగుమతిదారుల ఉత్తరాలు చూస్తుంటాను. యజమాని తెలుగులో చెబుతారు, గుమాస్తా దానిని ఇంగ్లీషులో రాస్తాడు, యంత్రం ఆ ఇంగ్లీషును పోర్చుగీసు చేస్తుంది. కాలాలు దెబ్బతినేది ఎక్కువగా ఈ మధ్యమెట్టు దగ్గరే అని నా గట్టి నమ్మకం.

ఒక ఉదాహరణ చెబుతాను. బ్రెజిల్ కొనుగోలుదారుకు ఒక సంస్థ పంపిన ఉత్తరంలో యజమాని చెప్పిన మాట ‘ఒరిజినల్ కాగితాలు కొరియర్‌లో పంపాం’ అని. ఇంగ్లీషులో అది ‘హావ్ సెంట్’ అయింది. యంత్రం ఆ రెండు ముక్కలనూ విడివిడిగా తీసుకుని ‘తేముస్ ఎన్వియాదు’ అని ఇచ్చింది. రూపంలో రెండూ కవలల్లా కనిపిస్తాయి కానీ పోర్చుగీసులో దాని అర్థం ‘ఈ మధ్య పదేపదే పంపుతూ వస్తున్నాం’ అని. ఏ కాగితాలు, ఎన్నిసార్లు పంపారు, మాకు ఒక్కటీ అందలేదేమని అవతలి నుంచి జవాబు వచ్చింది. ఒకసారి జరిగి ముగిసిన పనికి పోర్చుగీసులో మామూలు భూతకాలమే చాలు, అంటే ‘ఎన్వియాముస్’. మన ‘పంపాం’ కూడా సరిగ్గా అదే కదా! తెలుగు వాక్యం పక్కన పెట్టుకుని చూసి ఉంటే ఆ తప్పు కంటికి ఆనేది.

అయితే ‘ఎన్వియాముస్’తోనూ ఒక చిక్కు ఉంది. బ్రెజిల్ రాతలో ‘పంపుతాం’కీ ‘పంపాం’కీ రూపం ఒకటే. పోర్చుగల్‌లో భూతకాలానికి అచ్చు మీద స్వరచిహ్నం వేస్తారు కనుక అక్కడ తేడా తెలుస్తుంది. బ్రెజిల్‌కు రాసేటప్పుడు ‘ఇప్పటికే’ అనే అర్థమిచ్చే ‘జా’ను ముందు చేర్చడమో, పంపిన తేదీ రాయడమో చేయాలి. నేను ఆ ఉత్తరంలో రెండూ చేశాను.

అదే ఉత్తరంలో ‘ఇదివరకు ఏటా మీ ఊరికి సరుకు పంపేవాళ్ళం, కిందటేడు మాత్రం పంపలేదు’ అనే వాక్యం ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ మామూలు భూతకాలమే వాడారు కనుక యంత్రం కూడా రెండింటినీ ఒకే కాలంలో పెట్టింది. పోర్చుగీసులో అలవాటుగా సాగినదానికి వేరే భూతకాలం ఉంది, ‘ఎన్వియావముస్’ అని. ‘పంపేవాళ్ళం’ అన్న మాట విన్న తెలుగువాడికి ఈ భేదాన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. అలాగే ‘మేము’ అనే అర్థమిచ్చే ‘నోస్’ను ప్రతి వాక్యం మొదట్లోనూ పెట్టడం యంత్రపు వాసన. మన ‘పంపాం’లో ‘మేము’ ఇమిడి ఉన్నట్టే అక్కడి క్రియలోనూ ఉంటుంది, కాబట్టి నొక్కి చెప్పవలసిన చోట తప్ప దాన్ని కొట్టేయండి.

తెలుగు ఆదుకోని చోటు ఒకటుంది. ‘కంటైనర్ రాగానే తెలియజేయండి’ వంటి వాక్యాల్లో, ఇంకా జరగని పనికి ‘క్వాందు’ (ఎప్పుడైతే) లేదా ‘సె’ (ఒకవేళ) తరువాత పోర్చుగీసులో ప్రత్యేకమైన భవిష్యత్ రూపం రావాలి. ఇక్కడ ‘షేగా’ కాదు, ‘షెగార్’ అనాలి. ఈ రూపం చాలా క్రియల్లో నిఘంటువులో కనిపించే మూలరూపంతో కలిసిపోతుంది. అందువల్ల కొత్తగా సరిచేసేవారు, యంత్రం సరిగ్గా ఇచ్చినదాన్ని కూడా ‘క్రియకు రూపం మార్చలేదు’ అనుకుని ‘షేగా’గా దిద్ది పాడుచేస్తారు. నా దగ్గరికి వచ్చిన ఉత్తరాల్లో మనిషి చేతితో పాడైనవీ ఉన్నాయి. అనుమానం వస్తే ఆ క్రియ స్థానంలో ‘తేర్’ (కలిగి ఉండు) పెట్టి చూడండి. దాని మూలరూపం ‘తేర్’, ఈ రూపం మాత్రం ‘తివేర్’. ఆ వాక్యంలో ‘తివేర్’ అతికితే మీ ‘షెగార్’ సరైనదే.

సాగుతున్న పని విషయంలో, ఉత్తరం ఏ దేశానికి వెళుతుందో ముందే అడగాలి. బ్రెజిల్‌లో ‘ఎస్తాముస్ ఎన్వియాందు’ అంటారు, పోర్చుగల్‌లో సాధారణంగా ‘ఎస్తాముస్ అ ఎన్వియార్’ అంటారు. యంత్రం ఒకే ఉత్తరంలో రెండూ కలిపి ఇచ్చిన సందర్భాలు చూశాను.

ఇక నా ఫిర్యాదు. చాలా సంస్థలు పోర్చుగీసు కాగితం ఒక్కటే పంపి ‘ఊరికే ఒకసారి చూడండి’ అంటాయి, సగం కూలి ఇస్తామంటాయి. మూలం లేకుండా ‘తేముస్ ఎన్వియాదు’ తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే నిజంగానే పదేపదే పంపుతున్నవారు అలాగే రాస్తారు. అందుకే యజమాని తెలుగులో చెప్పినది వాట్సాప్ ఆడియోగానైనా ఇస్తేనే నేను పని తీసుకుంటాను. మీరూ ఆ షరతు పెట్టండి.