పొద్దుటి మాత్రా రాత్రి మాత్రా కలిపి వేసుకుంటే నిద్ర ఎందుకు చెడుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 48 ఏళ్ళండి. ఉండి దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాను. డిప్రెషన్ అని నెల కిందట సెర్ట్రలిన్ 50, మిర్టజపిన్ 15 రాశారు. పొద్దున్నే చెరువు మీదకి పోవాలి కాబట్టి రెండూ రాత్రి పదింటికి ఒకేసారి వేసేసుకుంటున్నాను. ఇదివరకు మూడింటికి ఏరియేటర్లు చూసొచ్చి మళ్ళీ పడుకునేవాణ్ణి. ఇప్పుడు కన్ను మూతపడట్లేదు. తెల్లారాక పది దాకా తల దిమ్ముగా ఉంటోంది. ఒకటి మానేయొచ్చా? మిర్టజపిన్ సగం చేసి వేసుకుంటే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఏదీ మానకండి, ఏదీ సగం చేయకండి. ముందు మీ మందుల చీటీ తీసి, ఒక్కో మందు పేరు పక్కన ఉన్న అంకెలు చూడండి. 1-0-0 అని ఉంటే పొద్దున్న ఒకటి, 0-0-1 అని ఉంటే రాత్రి ఒకటి అని అర్థం. మీకు రాసిన జంటలో సాధారణంగా సెర్ట్రలిన్ పక్కన మొదటిది, మిర్టజపిన్ పక్కన రెండోది ఉంటాయి. మీ చీటీలోనూ అలాగే ఉంటే మందుల ఎంపికలో తేడా లేదు, వేసుకునే వేళలోనే ఉంది. అలా కాక రెండూ రాత్రికే రాసి ఉంటే, కింద చెప్పిన మార్పు మొదలుపెట్టే ముందు రాసిన డాక్టర్‌కి ఒక ఫోన్ చేయండి.

డిప్రెషన్ మందులన్నీ నిద్రమాత్రలేనని చాలామంది అనుకుంటారు. వీటిలో కొన్ని మత్తు తెస్తాయి, కొన్ని చురుకు పుట్టిస్తాయి. మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్, ట్రాజొడోన్ మత్తు వైపువి. ఫ్లూఆక్సెటిన్, బుప్రోపియాన్, వెన్లాఫాక్సిన్ ఎక్కువగా మెలకువ వైపువి. సెర్ట్రలిన్ చాలామందిలో చురుకు వైపే ఉంటుంది గానీ కొద్దిమందికి దానితోనే నిద్రమత్తు వస్తుంది. ఎస్సిటలోప్రామ్ సంగతి మరీ చెప్పలేం, ఒకే ఇంట్లో ఒకరికి నిద్ర పోగొడుతుంది, ఇంకొకరిని మధ్యాహ్నానికే జోగేలా చేస్తుంది. అందుకే 'ఈ మందు రాత్రే వేసుకోవాలి' అని పక్కవాళ్ళు చెప్పే మాట మీకు వర్తించకపోవచ్చు.

ఇప్పుడు మీ రాత్రి సంగతి చూద్దాం. సెర్ట్రలిన్ మింగాక రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి చేరడానికి సుమారు నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. మీరు పదింటికి వేసుకుంటున్నారు. అంటే తెల్లవారుజామున రెండున్నర నుంచి ఆరున్నర లోపు అది బాగా పైకెక్కుతుంది. మామూలుగానే ఆ జాములో నిద్ర పలచన. ఈ రకం మందులు కలలొచ్చే నిద్రను తగ్గిస్తాయి, మధ్యమధ్య మెలకువలు పెంచుతాయి. దానికి తోడు మీరు మూడింటికి లేచి, లైటు వేసుకుని, గట్టు మీద నడిచి, ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూసి వస్తున్నారు. ఇదివరకు ఆ మెలకువ తర్వాత నిద్ర మళ్ళీ పట్టేది. ఇప్పుడు సరిగ్గా ఆ వేళకే సెర్ట్రలిన్ పట్టనివ్వడం లేదు.

మిర్టజపిన్ అలా కాదు. అది రెండు గంటల్లోనే గరిష్ఠానికి చేరుతుంది. అలర్జీ మాత్రల్లాగా హిస్టమిన్‌ను అడ్డుకుంటుంది కాబట్టి మత్తు కమ్ముతుంది. అయితే ఒంట్లోంచి త్వరగా పోదు. సగం తగ్గడానికే 20 నుంచి 40 గంటలు పడుతుంది. పదింటికి వేసుకున్న మాత్ర మత్తు మర్నాడు పొద్దుటికి కొంత మిగులుతుంది. మీ తలదిమ్ములో కొంత ఆ మత్తుది, మిగతాది మూడింటి నుంచి నిద్ర లేకపోవడానిది. రెండింటినీ ఒకేసారి సరిచేయబోతే ఏ మార్పు దేనికి పనిచేసిందో తెలియదు. అందుకే ముందు సెర్ట్రలిన్ వేళ మార్చండి. మిర్టజపిన్‌ను వారం పాటు ఇప్పటిలాగే పదింటికే ఉంచండి.

మార్చే పద్ధతి ఇది. ఈ రాత్రి మిర్టజపిన్ ఒక్కటే వేసుకోండి. రేపు పొద్దున్న టిఫిన్ తిన్నాక సెర్ట్రలిన్ వేసుకోండి. నిన్న రాత్రి మాత్రకీ రేపటి మాత్రకీ మధ్య సుమారు ఒకటిన్నర రోజు ఎడం వస్తుంది. సెర్ట్రలిన్ సగం తగ్గడానికి దాదాపు 26 గంటలు పడుతుంది కాబట్టి ఈ ఒక్కసారి ఎడం సాధారణంగా ఇబ్బంది పెట్టదు. ఈ రాత్రి కూడా వేసుకుని రేపు పొద్దున్న ఇంకోటి వేసుకోవద్దు. పన్నెండు గంటల్లో రెండు మాత్రలు పడితే వికారం, విరేచనాలు, ఒంట్లో వణుకు, ఇంకా ఎక్కువ నిద్రలేమి రావచ్చు.

ఈ లెక్క సెర్ట్రలిన్‌దే. వెన్లాఫాక్సిన్ గానీ పారోక్సెటిన్ గానీ వాడేవాళ్ళు దీన్ని అనుసరించకూడదు. అవి ఒంట్లోంచి త్వరగా పోతాయి, ఒక పూట తప్పినా కళ్ళు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం మొదలవుతుంది. వాటి వేళ మార్చాలంటే డాక్టర్ చెప్పినట్టు రోజుకు కొన్ని గంటలు ముందుకు జరుపుకుంటూ రావాలి.

పొద్దున్నే చెరువు మీదకి పోవాలన్నారు. 'పొద్దున్న మాత్ర' అంటే కోడికూతకు వేసుకోవాలని కాదు. ఐదింటికి వెళ్ళి మేత వేయించి, తొమ్మిదింటికి ఇంటికొచ్చి ఇడ్లీ తిన్నాక వేసుకున్నా సరే. ఆహారంతో సంబంధం లేకుండా వేసుకోవచ్చు గానీ, ఖాళీ కడుపున కొందరికి వికారం వస్తుంది, అందుకే టిఫిన్ తర్వాత అంటున్నాను. తొమ్మిదింటి మాత్ర మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర మధ్య పైకెక్కుతుంది, రాత్రికి దిగే దారిలో ఉంటుంది. ఏ రోజైనా మరిచిపోతే మధ్యాహ్నం భోజనం వేళ దాకా వేసుకోవచ్చు. సాయంత్రం గుర్తొస్తే ఆ రోజుకు వదిలేయండి, మర్నాడు రెండు వేసుకోకండి.

వారం అయ్యాక మిర్టజపిన్ సంగతి. అప్పటికీ పొద్దుటి దిమ్ము ఉంటే, ఆ మాత్రను పదింటి నుంచి ఎనిమిదిన్నరకి జరపండి. మత్తు పైకెక్కే వేళ పడుకునే వేళతో కలుస్తుంది, తెల్లారేసరికి దిగడానికి గంటన్నర అదనంగా దొరుకుతుంది. ఒక షరతు ఉంది. మాత్ర వేసుకునే లోపే బండి పనులు, మోటారు స్టార్టర్ పనులు, చెరువు మీద పనులు అన్నీ ముగించేయాలి. మాత్ర వేసుకుని 'ఒక్కసారి చూసొస్తా' అని బైకెక్కి గట్టు దారి పడితే ప్రమాదం.

ఇక సగం ముక్క సంగతి. చాలా మందులకు మోతాదు తగ్గిస్తే మత్తు తగ్గుతుంది. మిర్టజపిన్‌లో ఆ ఆశ తరచూ ఫలించదు. చిన్న మోతాదులో హిస్టమిన్‌ను అడ్డుకునే గుణమే ఎక్కువగా కనిపిస్తుంది, మోతాదు పెరిగితే చురుకు పుట్టించే గుణం కొంత కలుస్తుందని మా వాడుకలో అనుభవం. పైగా డిప్రెషన్‌కి దీని మోతాదు 15 నుంచి 45 మిల్లీగ్రాములు. ఏడున్నరకి దించితే మత్తు మిగిలి, మందు పని తగ్గే అవకాశం ఉంది. దించాలో పెంచాలో రాసిన డాక్టరే తేల్చాలి.

మీ విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది తెల్లవారుజామున మూడింటికి లేచి చేసే ఆ తనిఖీ. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి అది మానమని నేను అనలేను. కానీ మిర్టజపిన్ వేసుకుని ఐదు గంటలే అయిన మనిషి తడి గట్టు మీద నడవడం, తడిచేతుల్తో స్టార్టర్ ముట్టుకోవడం మంచిది కాదు. లేచిన వెంటనే కళ్ళు తిరిగే అవకాశమూ ఉంది. కనీసం రెండు వారాలు ఆ తనిఖీని అబ్బాయికో, కాపలా మనిషికో అప్పగించండి. కుదరని రాత్రి మంచం మీద ఒక నిమిషం కూర్చుని అప్పుడు లేవండి. తిరిగొచ్చాక టీ తాగకండి, ఫోన్ చూడకండి. మూడున్నర టీ ఒక్కటి చాలు, పొద్దుటికి మార్చిన సెర్ట్రలిన్ వల్ల వచ్చే లాభమంతా పోవడానికి.

జలుబు చేస్తే షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్, సెటిరిజిన్ లాంటివి ఉంటాయి. అవి మిర్టజపిన్ మత్తును పెంచుతాయి. మద్యం, కల్లు కూడా అంతే. అవి తాగిన రాత్రి నిద్ర త్వరగా పట్టినట్టు అనిపిస్తుంది గానీ తెల్లవారుజామున మెలకువ ఖాయం.

వేళ మార్చడం వల్ల ఎంత లాభం వస్తుందో కూడా తెలుసుకోండి. సెర్ట్రలిన్ రోజంతా ఒంట్లో ఉండే మందు. పొద్దుటికి మారిస్తే రాత్రి పూట పైకెక్కే ఆ కొస మాత్రమే తగ్గుతుంది, మందు మొత్తం పోదు. అందుకే మొదటి రెండు మూడు రోజుల్లో తేడా కనబడకపోయినా కంగారు వద్దు. ఫ్లూఆక్సెటిన్ వాడేవారికి ఈ తేడా ఇంకా తక్కువ, అది వారాల పాటు ఒంట్లో నిలుస్తుంది కాబట్టి. రెండు వారాలు ఓ కాగితం మీద పడుకున్న టైము, మెలకువ వచ్చిన టైము, మాత్రలు వేసుకున్న టైములు, టీలు రాసి పెట్టండి. అప్పటికీ మూడింటి మెలకువ మారకపోతే కారణం వేళ కాదని అర్థం. అప్పుడు డాక్టర్ సెర్ట్రలిన్ మోతాదు చూస్తారు, లేదా మందు మారుస్తారు.

ఆ కాగితం చూసేటప్పుడు మరో రెండు విషయాలు గమనించండి. పడుకోగానే కాళ్ళు పీకుతూ, కదపకుండా ఉండలేకపోతే అది రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. మిర్టజపిన్ దాన్ని తెస్తుంది, వేళ మార్చినా తగ్గదు. చెప్తేనే డాక్టర్‌కి తెలుస్తుంది. రెండోది, అలారం లేకుండానే రోజూ రెండు గంటలు ముందు మెలకువ వచ్చి, తెల్లవారుజామునే దిగులు ఎక్కువై, పొద్దెక్కేకొద్దీ తేలికపడుతుంటే అది మందు పని కాకుండా జబ్బు లక్షణం కావచ్చు. అప్పుడు మోతాదు తగ్గించడం కాదు, పెంచాల్సి రావచ్చు.

రెండు వారాలు ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. రెండు మూడు గంటలే పడుకుని కూడా అలుపు లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, చేతికందినంత ఖర్చు పెడుతుంటే ఆ రోజే డాక్టర్‌ని కలవండి. ఇది ఇంట్లోవాళ్ళకే ముందు కనబడుతుంది, వాళ్ళతో చెప్పి ఉంచండి. కూర్చోలేనంత ఒంటి అలజడి వచ్చినా అంతే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, వెంటనే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అత్యవసరమైతే 108.